పెళ్ళి నగల బిల్లులో తిరిగొచ్చేదెంత?

మా అక్క కూతురికి సంబంధం కుదిరిన వారం నుంచే చుట్టాల రాకపోకలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళు కాఫీ గ్లాసు కింద పెట్టకముందే అడిగే మాట ఒకటే: "పిల్లకి ఎంత బంగారం పెడుతున్నారు?" మా గుంటూరు వైపు దానికి జవాబు కాసుల్లో చెబుతారు. కాసంటే ఎనిమిది గ్రాములు. తెలంగాణలో తులాల్లో చెబుతారు. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు, ఇప్పటి దుకాణంలో పది గ్రాములే. లెక్క ఏదైనా అడిగేది తూకమే. ఆ తూకంలో బంగారమెంత, రాయెంత, లక్కెంత, దాని మీద పనికి కట్టినదెంత అని ఎవరూ అడగరు. పెళ్ళి నగల బడ్జెట్ తప్పేది సరిగ్గా అక్కడే.

ఆ 'ఎంత' అనే ప్రశ్న మగపెళ్ళివారు వేస్తే, దాని పేరు వరకట్నం. 1961 నుంచి చట్టం ఉంది. అది వేరే కథ. అక్కావాళ్ళకి ఆ బాధ లేదు. పిల్ల పేరున నాలుగు నగలు ఉండాలన్నది వాళ్ళ కోరికే. చేతిలో పన్నెండు లక్షల రూపాయలు, బీరువాలో తెగిపోయిన పాత గొలుసులూ విరిగిన గాజులూ కలిపి ముప్ఫై గ్రాములు ఉన్నాయి. నగల లెక్క చూసే పని నా మీద పడింది. ఆ నెల రోజుల్లో నాలుగు దుకాణాలు తిరిగి నేర్చుకున్నదంతా ఒక్క ప్రశ్నలోకి వస్తుంది: ఈ నగని రేపు పొద్దున అమ్మితే చేతికి ఎంత వస్తుంది?

బంగారం ధర రోజూ మారుతుంది కాబట్టి ఇక్కడ 22 క్యారట్ల గ్రాము పదివేలు అనుకుని లెక్కలు చెబుతాను. మీరు ఆ రోజు రేటు వేసుకోండి, పద్ధతి మారదు.

ఒకే తూకం, ఒకే ధర, రెండు హారాలు

విజయవాడలో ఒక దుకాణంలో సేల్స్ అబ్బాయి రెండు హారాలు తెచ్చి వెల్వెట్ ట్రే మీద పక్కపక్కన పరిచాడు. ఒకటి గుండ్ల హారం, రాయి లేదు. రెండోది నక్షీ పని హారం. మధ్యలో లక్ష్మీదేవి, చుట్టూ కెంపులూ పచ్చలూ, కింద ముత్యాల గుత్తులు. రెండూ తక్కెడలో యాభై గ్రాములే చూపించాయి. బిల్లు వేయిస్తే రెండూ ఐదు లక్షల అరవై వేలు దాటాయి, తేడా రెండున్నర వేలు కూడా లేదు. "ధర ఒకటే కదమ్మా, పనితనం ఉన్నది తీసుకోండి" అన్నాడు అబ్బాయి. అక్క చెయ్యి నక్షీ హారం వైపే వెళ్ళింది. ఎవరి చెయ్యైనా అటే వెళుతుంది.

రెండు బిల్లుల్నీ ఒక కాగితం మీద విడదీసి రాశాను. గుండ్ల హారంలో యాభై గ్రాములూ బంగారమే, విలువ ఐదు లక్షలు. తరుగు పది శాతం, అంటే యాభై వేలు. మొత్తం మీద మూడు శాతం జీఎస్టీ 16,500. కట్టాల్సింది 5,66,500.

నక్షీ హారంలో రాళ్ళూ ముత్యాలూ కలిసి ఎనిమిది గ్రాములు. అవి తీసేస్తే బంగారం 42 గ్రాములు, విలువ 4,20,000. తరుగు 22 శాతం, అంటే 92,400. రాళ్ళకి నలభై వేలు. జీఎస్టీ 16,572. కట్టాల్సింది 5,68,972.

ఇప్పుడు ఇవే రెండు హారాల్ని అదే రేటుకి వెనక్కి ఇద్దాం. దుకాణం లెక్కపెట్టేది బంగారాన్ని మాత్రమే. తరుగు, మజూరీ, జీఎస్టీ తిరిగి రావు. రంగు రాళ్ళకీ చిన్న ముత్యాలకీ ఇంచుమించు ఏమీ రాదు. గుండ్ల హారానికి ఐదు లక్షలు వస్తుంది, పోయేది 66,500. నక్షీ హారానికి 4,20,000 వస్తుంది, పోయేది దాదాపు లక్షా నలభై తొమ్మిది వేలు. ఒకదానిలో బిల్లులో ఎనిమిదో వంతు కన్నా తక్కువ పోయింది, రెండోదానిలో నాలుగో వంతు కన్నా ఎక్కువ పోయింది. కొన్నరోజు మాత్రం రెండింటి ధరా ఒకటే.

అందుకే ప్రతి నగకీ ఈ ఒక్క తీసివేత చేసుకుంటే చాలు. బిల్లు మొత్తంలోంచి, నెట్ వెయిట్‌ని ఆ రోజు రేటుతో గుణించి వచ్చిన దాన్ని తీసేయాలి. మిగిలింది పోయే సొమ్ము. 'తరుగు మూడు శాతం నుంచి మొదలు' అనే హోర్డింగులు ఈ తీసివేత ముందు నిలబడవు. తరుగు తగ్గించిన చోట రాళ్ళ ధర పెంచవచ్చు, మజూరీ అని వేరే గీత వేయవచ్చు, గ్రాముకి ఇంత అని పని ఖర్చు కలపవచ్చు. అన్నీ కలిసి చివరికి ఎంత పోతోందన్నదే మనకి కావలసిన అంకె.

తూకంలో దాక్కునేవి

ఆ అంకె నిజంగా రావాలంటే నెట్ వెయిట్ నిజమై ఉండాలి. బిల్లు మీద గ్రాస్ వెయిట్, స్టోన్ వెయిట్, నెట్ వెయిట్ మూడూ వేర్వేరుగా ఉండాలి. నక్షీ హారంలోని ఆ ఎనిమిది గ్రాముల్ని బంగారం ధరకి కట్టేస్తే ఎనభై వేలు రాళ్ళకి పోసినట్టే, పైన రాళ్ళ ధర వేరు. ఇది ఎప్పుడూ మోసం వల్లే జరగదు. ఒక్కోసారి ట్యాగ్ మీద పాత అంకె ఉంటుంది, దారం, ముత్యాలు మార్చాక మళ్ళీ తూచరు. అందుకని నగని మన కళ్ళ ముందు తూయించి, ట్యాగ్ మీది అంకెతో సరిచూసుకోవాలి. నల్లపూసల దండలో పూసల బరువు, గుట్టపూసల హారంలో ముత్యాల బరువు, పట్టుదారం బరువు ఇవన్నీ తీసేశాకే నెట్.

బోలుగా చేసి లోపల లక్క నింపిన నగలు ఇంకో రకం చిక్కు. కుందన్, పోల్కీ, జడావు పనిలో రాళ్ళు లక్క మీద కూర్చుంటాయి. లక్క బయటికి కనిపించదు, తూకంలో మాత్రం ఉంటుంది. ఈ మూడు రకాలకీ హాల్‌మార్క్ తప్పనిసరి నిబంధన నుంచి మినహాయింపు ఉంది కూడా. అంటే మిగతా నగల విషయంలో ప్రభుత్వ ముద్ర చెప్పే మాటని ఇక్కడ దుకాణదారు కాగితమే చెప్పాలి. నెట్ బంగారమెంత, ఎన్ని క్యారట్లు, వెనక్కి ఇస్తే రాళ్ళకి ఎంత కట్టిస్తారు అన్నది బిల్లు మీద రాయించుకోకుండా అన్‌కట్ సెట్ కొంటే, రేపు అమ్మే రోజున మన చేతిలో ఆధారం ఉండదు.

మిగతా నగలన్నిటి మీదా మూడు గుర్తులు ఉండాలి. బీఐఎస్ త్రికోణం గుర్తు, స్వచ్ఛత తెలిపే 22K916 లాంటి అంకె, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ. ఈ ఆరు గుర్తుల సంఖ్య లేని నగని అమ్మడం 2023 ఏప్రిల్ 1 నుంచి కుదరదు. ఫోన్‌లో BIS Care యాప్ తెరిచి, Verify HUID దగ్గర ఆ సంఖ్య కొడితే ఆ నగ ఏ రకమో, స్వచ్ఛత ఎంతో, ఎక్కడ పరీక్షించారో కనిపిస్తుంది. చేతిలో ఉన్నది హారమైతే యాప్‌లో ఉంగరం అని వచ్చిందనుకోండి, ఆ ముద్ర ఈ నగది కాదని అర్థం. ఇంకా అనుమానం ఉంటే హాల్‌మార్కింగ్ కేంద్రానికి మనమే తీసుకెళ్ళి పరీక్ష చేయించుకోవచ్చు. ముద్ర చెప్పిన దానికన్నా స్వచ్ఛత తక్కువ తేలితే, ఆ లోటు విలువకి రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా కొన్నవారికి ఇవ్వాలని నిబంధన.

క్యారట్ల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. ధర పెరిగాక తేలిక నగలు 18 క్యారట్లలో ఎక్కువగా వస్తున్నాయి. వజ్రాలవి ఎప్పటినుంచో అంతే. తప్పేమీ లేదు, గట్టిగా ఉంటాయి కూడా. కానీ 18 క్యారట్లంటే వెయ్యి పాళ్ళలో 750 పాళ్ళే బంగారం. 22 క్యారట్ల గ్రాము పదివేలైతే దాని గ్రాము దాదాపు 8,180. బిల్లులో ఏ రేటు వేశారో చూసుకోవాలి.

పాత బంగారం చేసిన పాఠం

అక్క డైరీలో పాత బంగారం ముప్ఫై గ్రాములు, మూడు లక్షలు అని ముందే రాసిపెట్టుకుంది. దుకాణంలో వాటిని క్యారట్‌మీటర్ కింద పెట్టారు. తెర మీద 83.3 వచ్చింది. ఇరవై క్యారట్లు. తెగినప్పుడల్లా టంకం వేయించిన గొలుసులవి, హాల్‌మార్క్ లేని రోజుల్లో చేయించినవి. 91.6 పాళ్ళ బంగారంగా మారిస్తే ముప్ఫై గ్రాములు 27.3 గ్రాములైంది. మూడు లక్షల చోట రెండు లక్షల డెబ్బై మూడు వేలు. పదిహేను లక్షలనుకున్న బడ్జెట్ అక్కడే 14 లక్షల 73 వేలకి దిగింది. అక్క మొహం చిన్నబోయింది. "మా అత్తగారు నిక్షేపంలాంటి బంగారం అనేవారే" అంది.

పాత బంగారం ఉన్నవాళ్ళు బడ్జెట్ వేసుకోకముందే స్వచ్ఛత చూపించుకోవడం మంచిది. కరిగించాల్సి వస్తే రాళ్ళు మన ముందే తీయించి, వెనక్కి తీసుకుని, కరిగించక ముందూ తరవాతా తూకం చూడాలి. ఇంకొక్క మాట. అన్నిటినీ మార్చేయనక్కర్లేదు. అదే బీరువాలో అక్క అత్తగారి కంటె ఉంది, చేతిపని. దుకాణంవాళ్ళు దానికీ ధర చెప్పారు. ఇస్తే వచ్చేది బంగారం విలువే. అలాంటిది కొత్తగా కొనాలంటే మళ్ళీ ఇరవై శాతం తరుగు మనమే కట్టాలి. కంటెని మెరుగు పెట్టించాం, కొక్కెం మార్పించాం. ఆరు వేలతో పెళ్ళికూతురి మెడలో నగ సిద్ధమైంది.

వడ్డాణం దగ్గర పేచీ

అసలు పేచీ వడ్డాణం దగ్గర వచ్చింది. మా పిల్ల ఫోన్‌లో దాచుకున్న బొమ్మల్లో సగం వడ్డాణాలే. వంద గ్రాముల నక్షీ వడ్డాణం, తరుగు 18 శాతం. జీఎస్టీతో కలిపి పన్నెండు లక్షల పదిహేను వేల నాలుగు వందలు. అందులో పోయేది 2,15,400.

"పిన్నీ, బంగారమే కదా, ఎక్కడికి పోతుంది?" అంది.

మాట నిజమే, పది లక్షల బంగారం దానిలో ఉంటుంది. కానీ రెండు చిక్కులున్నాయి. వడ్డాణం పెట్టుకునేది పెళ్ళికి, సీమంతానికి, తమ్ముడి పెళ్ళికి, మహా అయితే ఇంకో రెండుసార్లు. ఒక్కోసారికి నలభై వేల పైచిలుకు పని ఖర్చు పడుతుంది. రెండోది, అవసరం ఎప్పుడూ పది లక్షల ఆకారంలో రాదు. ఆస్పత్రికో, ఫీజుకో లక్షన్నర కావాలంటే వడ్డాణంలోంచి లక్షన్నర తుంచలేం. గాజుల జత ఒకటి తీసి బ్యాంకులో పెట్టగలం. బ్యాంకువాళ్ళు కూడా రాళ్ళు తీసేసి నెట్ బంగారం మీదే అప్పు ఇస్తారు. కాబట్టి అమ్మకానికి పనికొచ్చే లెక్కే తాకట్టుకీ పనికొస్తుంది.

చివరికి అందరం కూర్చుని పోయే సొమ్ముకి ఒక హద్దు గీశాం, రెండు లక్షలు. అందులో పిల్ల సరదాకి ఎంత, ఏ నగ మీద అన్నది తనే తేల్చుకోవాలి. పోయే సొమ్మంతా దండగ కాదు. పనితనానికి కట్టేది కంసాలి చేతికి కట్టేదే. అయితే అది రోజూ కంటికి కనిపించే నగ మీద పెడితే ఫలితం ఉంటుంది. తను ఆలోచించి నక్షీ బుట్టలు ఎంచుకుంది. వడ్డాణం, వంకీలు, జడ అద్దెకి తెచ్చుకుంటానంది. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో తయారయ్యే రోల్డ్‌గోల్డ్ నగలు చూశాక, 'అద్దె కూడా ఎందుకు, ఇవే కొందాం' అనే దాకా వచ్చింది. పెళ్ళి వీడియోలో రెండింటికీ తేడా తెలియదు.

మా తుది జాబితా ఇలా తేలింది:

- నాలుగు సాదా గాజులు, 48 గ్రాములు, తరుగు 8 శాతం: 5,33,952
- గుండ్ల హారం, 45 గ్రాములు, తరుగు 10 శాతం: 5,09,850
- నల్లపూసలు, నెట్ 12 గ్రాములు, తరుగు 10 శాతం: 1,35,960
- నక్షీ బుట్టలు, నెట్ 12 గ్రాములు, తరుగు 20 శాతం, రాళ్ళకి పదివేలు: 1,58,620
- వడ్డాణం, వంకీలు, జడ, పాపిడిబిళ్ళ, బంగారం కానివి: 40,000
- పాత కంటెకి మెరుగు, కొక్కెం: 6,000

మొత్తం 13,84,382. అందులో బంగారం 117 గ్రాములు, విలువ 11,70,000. పోయేది 2,14,382. గీసుకున్న హద్దు పద్నాలుగు వేలు దాటింది, అక్క చూసీ చూడనట్టు ఊరుకుంది. ఈ మొత్తం పోయే సొమ్ము ఒక్క వడ్డాణం మీద పోయేదాని కన్నా వెయ్యి తక్కువే. బుట్టల మీద పోయింది 38,620. అవి ఆఫీసుకి కాకపోయినా ప్రతి పండక్కీ చెవుల్లో ఉంటాయి.

రేటు పెరిగితే?

మిగిలిన 88 వేల చిల్లర మేము కావాలనే ముట్టుకోలేదు. నిశ్చితార్థానికీ ముహూర్తానికీ మధ్య రేటు ఎటైనా కదలవచ్చు. 117 గ్రాముల మీద గ్రాముకి ఐదు వందలు పెరిగితేనే తరుగు, జీఎస్టీ కాక 58,500 అదనం. ఒక్కసారే కొనకుండా, ముందు సాదా గాజులు, తరవాత హారం అని రెండు మూడు విడతల్లో కొన్నాం. డిజైన్ నచ్చేవరకూ ఆగాల్సినవి బుట్టలే కాబట్టి అవి చివరికి ఉంచాం. అడ్వాన్సు కట్టి రేటు ఖాయం చేసుకునే వీలు కొన్నిచోట్ల ఉంది. రేటు తగ్గితే తగ్గిన రేటే వేస్తారా అన్నది కాగితం మీద ఉండాలి.

పెళ్ళికి ఏడాది వ్యవధి ఉన్నవాళ్ళు దుకాణాల నెలవారీ పథకాల్లో కడుతుంటారు. అవి పదకొండు నెలలకే ఆగడానికి కారణం ఉంది. 365 రోజుల్లో సరుకు ఇవ్వకుండా ఉంచుకున్న అడ్వాన్సు, కంపెనీల నిబంధనల ప్రకారం డిపాజిట్ లెక్కలోకి వస్తుంది. బ్యాంకు డిపాజిట్‌కి ఉన్న బీమా ఈ డబ్బుకి లేదు. దుకాణం మూతపడితే మన చేతిలో రసీదు పుస్తకమే మిగులుతుంది. చేరేముందు రెండు విషయాలు కనుక్కోవాలి. కట్టిన డబ్బు ఏ నెలకానెల గ్రాములుగా జమవుతుందా, రూపాయలుగానే ఉండి చివరి రోజు రేటుకి మారుతుందా? రేటు పెరిగే రోజుల్లో ఈ తేడా చాలా పెద్దది. తరుగు మాఫీ ఎన్ని శాతం వరకు, ఏ నగల మీద? మాఫీ సాదా నగలకే వర్తించి, మనకి నచ్చింది నక్షీ అయితే చివర్లో మళ్ళీ జేబులోంచి తీయాలి.

డబ్బాలో కాగితం

"బిల్లు వద్దంటే జీఎస్టీ మిగులుతుందండీ" అని ఒకచోట నెమ్మదిగా అన్నారు. పదమూడు లక్షల కొనుగోలు మీద మూడు శాతం అంటే నలభై వేలు, ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ చిట్టీ మీద కొన్న నగకి హెచ్‌యూఐడీ తప్పు తేలినా అడిగే దారి లేదు, వెనక్కి ఇచ్చే రోజున 'మా దగ్గర కొన్నదే' అని నిరూపించే దారి లేదు. చాలా దుకాణాలు తమ దగ్గర కొన్న నగ మార్చుకుంటే నెట్ బంగారానికి పూర్తి విలువ కట్టిస్తాయి, నగదు అడిగితే కొంత కోస్తాయి, బయటిదైతే ఇంకా కోస్తాయి. మార్పిడికి ఎంత, నగదుకి ఎంత అని బిల్లు వెనక రాయించి ముద్ర వేయించాం. రెండు లక్షలు దాటిన బిల్లుకి పాన్ ఇవ్వాలి, ఆ పైన నగదు ఇవ్వడం కుదరదు కాబట్టి బ్యాంకు ద్వారానే కట్టాం. బిల్లులన్నీ పెళ్ళికూతురి పేరునే. ఆ నగలు ఆమె స్త్రీధనం. వధూవరులకి వచ్చిన కానుకల జాబితా రాసి సంతకాలు చేయించి ఉంచుకోవాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. అది ఎవరి మీదా అనుమానం కాదు, లెక్క.

పెళ్ళికి రెండు రోజుల ముందు రాత్రి నగలన్నీ మంచం మీద పరిచి అక్క చిన్న చీటీలు రాసింది. ఒక్కో డబ్బాలో ఒక్కో చీటీ: నెట్ తూకం, క్యారట్, హెచ్‌యూఐడీ, కొన్న తారీఖు. కంటె డబ్బా దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. దాని నెట్ తూకం ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎంత బంగారం ఉందో, ఎంత లక్క ఉందో అత్తగారు కాగితం రాసిపెట్టలేదు. అక్క కాసేపు చూసి, "మా అత్తగారిది. మార్చవద్దు" అని రాసి డబ్బా మూసింది.